జవాబు నోటికి వచ్చు, చేతికి రాదు

*మేడమ్ గారికి నమస్కారం. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా అబ్బాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి. పాఠం అడిగితే గడగడా చెప్తాడు. రాయమంటే మాత్రం సగం పేపరు కూడా పూర్తి కాదు, ఒత్తులు, గుణింతాలు అన్నీ తప్పులే. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు గుంటూరులో ప్రైవేటు సైకాలజిస్టు చూసి డిస్లెక్సియా అని కాగితం రాసిచ్చారు. అది చూపించి, పరీక్షలో వాడు చెప్తుంటే రాసిపెట్టే స్క్రైబ్‌ని అడిగితే హెచ్ఎం గారు "చేతులు బాగానే ఉన్నాయి కదమ్మా, ఎవరిస్తారు?" అన్నారు. అదనపు సమయం అడగాలా, స్క్రైబ్‌ని అడగాలా? సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలి? వాడేమో "నాకు ఎవరూ రాయక్కర్లేదు, సిగ్గుగా ఉంటుంది" అంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక తల్లి*

అమ్మా,

మీరు అడిగిన వాటిలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది సమయమా, స్క్రైబా అన్నదే. చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే ఆసుపత్రికి పరుగెత్తుతారు. డాక్టరు "ఏం కావాలి?" అని అడిగితే "ఏదిస్తే అది" అంటారు. అలా వచ్చింది పరీక్ష హాల్లో పనికి రాకుండా పోవడం నేను చాలాసార్లు చూశాను. ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక ఆదివారం, ఒక గడియారం, పాత పరీక్ష పేపరొకటి ఉంటే చాలు.

ముందు బాబుకు బాగా వచ్చిన పాఠంలోంచి ఒక పేరా ఇచ్చి, చూసి రాయమనండి. పది నిమిషాలయ్యాక ఎన్ని మాటలు రాశాడో లెక్కపెట్టండి. తర్వాత బాగా తెలిసిన ప్రశ్న ఒకటిచ్చి, చూడకుండా సొంతంగా పది నిమిషాలు రాయించండి. అదే జవాబును నోటితో చెప్పించి ఫోన్లో రికార్డు చేయండి. ఇక పేపరంతా బయటికి చదివించి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మరో పేపరు మీరు చదివి వినిపించి, ప్రశ్న అర్థమయ్యే తీరులో తేడా ఉందేమో చూడండి. చివరగా, వాణ్ని రెండు గంటలు ఏకధాటిగా రాయనిచ్చి, అప్పుడు మళ్లీ పది నిమిషాల లెక్క తీయండి. ఈ ఆఖరి లెక్కను వదిలేయకండి. అసలు సంగతి బయటపడేది అక్కడే.

ఎందుకో నా దగ్గర చదివిన ఒక పిల్లాడి లెక్కతో చెప్తాను. వాణ్ని కిరణ్ అందాం. తెలుగు మీడియం. చూసి రాస్తే నిమిషానికి ఎనిమిది మాటలు, సొంతంగా రాస్తే ఐదు. రెండు గంటలు దాటాక మూడుకు పడిపోయేది. వేళ్లు బిగుసుకుపోయేవి, పెన్ను పట్టు మారిపోయేది. సోషల్ పేపరుకు జవాబులన్నీ సరిపడా రాయాలంటే ఎన్ని మాటలు కావాలో, బాగా రాసే పిల్లల జవాబుపత్రాలు తీసి లెక్కగట్టాను. సుమారు తొమ్మిది వందలు తేలింది. నిమిషానికి ఐదు చొప్పున ఆ తొమ్మిది వందలకు సరిగ్గా మూడు గంటలు. అంటే ప్రశ్న చదవడానికీ, ఆలోచించడానికీ ఒక్క నిమిషం కూడా మిగలదు.

అసలు పరీక్షలో గంటకు నలభై నిమిషాలే రాతకు దక్కుతాయనుకుందాం. మొదటి గంటలో రెండు వందల మాటలు, రెండో గంటలో రెండు వందలు, అలిసిపోయిన మూడో గంటలో నూట ఇరవై. మొత్తం ఐదు వందల ఇరవై. ఇప్పుడు ఒక గంట అదనంగా ఇస్తే? చేయి అప్పటికే పడిపోయింది కాబట్టి ఆ గంటలో వచ్చేదీ నూట ఇరవయ్యే. ఆరు వందల నలభై దగ్గర పేపరు ఆగిపోతుంది. గంట పెంచితే కిరణ్‌కు దక్కింది ఒక పెద్ద ప్రశ్న, ఒక చిన్న ప్రశ్న. వాడికి కావాల్సింది సమయం కాదు, ఇంకొకరి చేయి. నిమిషానికి పన్నెండు మాటలు రాసే తొమ్మిదో తరగతి పిల్లాడు పక్కన కూర్చుంటే, అదే నలభై నిమిషాల లెక్కన గంటకు నాలుగు వందల ఎనభై మాటలు. రెండు గంటలు కాకముందే తొమ్మిది వందలు దాటుతుంది.

ఇంకో అమ్మాయి లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. చేయి చక్కగా నడిచేది, ఆఖరి గంటలో కూడా వేగం తగ్గేది కాదు. కానీ నాలుగు పేజీల పేపరు చదవడానికి ముప్పై ఐదు నిమిషాలు. ప/వ, మ/య తడబడి, ఒకే ప్రశ్నను మూడుసార్లు చదివేది. నేను చదివి వినిపిస్తే పన్నెండు నిమిషాల్లో అయిపోయేది. ఆ పిల్లకు స్క్రైబ్ అనవసరం. చదివి వినిపించే మనిషి, దాంతోపాటు ఒక గంట చాలు. స్క్రైబ్‌లాగే రీడర్‌నీ అడగవచ్చన్న సంగతే చాలా స్కూళ్లకు తెలియదు.

మీవాడు ఈ ఇద్దరిలో ఎవరికి దగ్గరో ఆ ఆదివారం తేలిపోతుంది. లెక్కలన్నీ తేదీ వేసి ఒక కాగితం మీద పెట్టుకోండి. డాక్టరు ముందు మీ తరఫున మాట్లాడేది అదే.

ఇక హెచ్ఎం గారి మాట. ఆయన చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. స్క్రైబ్ అంటే చూపు లేనివాళ్లకు, చేతులు పని చేయనివాళ్లకు అన్న పాత అలవాటు అలా పలికించింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో డిస్లెక్సియా ఊసే లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని 'నిర్దిష్ట అభ్యసన వైకల్యం' పేరుతో జాబితాలో చేర్చింది. అదే చట్టంలోని 17వ సెక్షన్, ప్రభుత్వాలు పరీక్షా విధానంలో చేయాల్సిన మార్పుల్లో అదనపు సమయం, స్క్రైబ్, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు అని పేర్లు పెట్టి మరీ చెప్పింది. ఆయనతో వాదించకండి. ఆ సెక్షన్ ఒక పేజీలో ప్రింటు తీయించి, దరఖాస్తుకు పిన్ను కొట్టి ఇవ్వండి. హెచ్ఎంకు పైఅధికారి దగ్గర చూపించుకోవడానికి ఒక కాగితం కావాలి, అంతే.

(భాష మినహాయింపు గురించి ఒక మాట. హిందీ పేపరు తప్పుతుందంటే ఇంట్లో అందరికీ హాయిగానే ఉంటుంది. అడిగే ముందు రెండు విషయాలు కనుక్కోండి. మార్కుల మెమోలో అది ఎలా కనిపిస్తుంది, తర్వాత వాడు చేరాలనుకునే కోర్సుకు ఆ భాష అవసరమా. మినహాయింపు తీసుకున్నాక వెనక్కి తిరగడం కష్టం.)

నాలుగో తరగతి నాటి కాగితం ఇప్పుడెందుకు చెల్లలేదంటే, దానికి రెండు లోపాలున్నాయి. ఒకటి, అది ప్రైవేటు నివేదిక. సైకాలజిస్టు ఎంత మంచివారైనా పరీక్షల విభాగానికి కావాల్సింది ప్రభుత్వ వైద్యాధికారి సంతకం. రెండోది వయసు. ఈ వైకల్యాన్ని అంచనా వేసే పద్ధతిని కేంద్రం 2018 జనవరిలో గెజిట్లో ప్రకటించింది. దాని ప్రకారం ఎనిమిదేళ్లు నిండాక మొదటి సర్టిఫికెట్ ఇస్తారు, పద్నాలుగేళ్లకు, పద్దెనిమిదేళ్లకు మళ్లీ పరీక్షిస్తారు. అంటే నాలుగో తరగతిలో ప్రభుత్వ సర్టిఫికెట్టే తీసుకుని ఉన్నా, ఇప్పుడు మళ్లీ వెళ్లక తప్పేది కాదు. పాత కాగితాన్ని పారేయకండి మాత్రం. చిన్నప్పటి నుంచి ఉన్న ఇబ్బందే గానీ పదో తరగతి కోసం పుట్టుకొచ్చింది కాదని చెప్పడానికి దాన్ని మించిన సాక్ష్యం లేదు.

సర్టిఫికెట్ కోసం దరఖాస్తు, దివ్యాంగుల గుర్తింపు కార్డులిచ్చే కేంద్ర ప్రభుత్వ యూడీఐడీ పోర్టల్లో చేయాలి: swavlambancard.gov.in. ఫారంలో వైకల్యం రకం అడిగే చోట Specific Learning Disabilities అన్నదాన్నే ఎంచుకోండి. నెట్ సెంటర్లలో తొందరలో మానసిక వైకల్యం మీద నొక్కేస్తారు. అలా జరిగితే మీ బాబును వేరే విభాగానికి పంపిస్తారు, అక్కడ తిప్పి పంపుతారు, రెండు నెలలు గాలికి పోతాయి. సొంతంగా చేయలేకపోతే మీసేవలోనో, సచివాలయంలోనో అడగండి. కానీ తెర మీద ఏం నొక్కుతున్నారో పక్కన నిలబడి చూడండి.

ఆసుపత్రిలో చూసేది ఒక్క డాక్టరు కాదు. పిల్లల డాక్టరు, క్లినికల్ సైకాలజిస్టు, ప్రత్యేక విద్య టీచరు లాంటివాళ్లు కలిసి తేల్చాలి. ముందు తెలివితేటల పరీక్ష ఉంటుంది. పిల్లాడు వెనకబడింది బుద్ధి తక్కువై కాదని రుజువు చేసే పని దానిది. తర్వాత చదవడం, రాయడం, లెక్కలు ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. 2018 నిబంధనలు ఇందుకు బెంగళూరు నిమ్‌హాన్స్ రూపొందించిన పరీక్షల సెట్టును సూచించాయి. ఇదంతా ఒక పూటలో అయ్యేది కాదు, రెండు మూడుసార్లు తిరగడానికి సిద్ధపడండి. మీ జిల్లా ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టు లేకపోతే "ఇక్కడ చేయం" అన్న మాటతో వెనక్కి రాకండి. బోధనాసుపత్రికి రిఫరల్ రాయించుకోండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, మేధోపరమైన ఇబ్బందులున్న పిల్లల కోసం పెట్టింది. మీకు దూరమే గానీ, దారులన్నీ మూసుకుపోతే అక్కడ సలహా అడగవచ్చు. దగ్గర్లో అయితే మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచరును కలవండి. సర్టిఫికెట్ వాళ్లివ్వరు. కానీ ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఎవరుంటారో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వెళ్లేటప్పుడు వాడి మూడేళ్ల నోటుబుక్కులు, దిద్దిన జవాబుపత్రాలు, మీ ఆదివారం లెక్క, క్లాసు టీచరు రాసిచ్చిన ఒక పేజీ తీసుకెళ్లండి. ఆ పేజీలో "మంచి విద్యార్థి" అని కాకుండా, "మౌఖికంగా అడిగితే పూర్తి జవాబు చెప్తాడు, రాతలో మూడో వంతు దాటడు, విద్యార్థి అన్న మాటను విదారి అని రాస్తాడు" అన్నట్టు కళ్లకు కట్టేలా రాయమనండి.

ఇప్పుడు ఎక్కువమంది బోర్లాపడే చోటు చెప్తాను. వైకల్య సర్టిఫికెట్ చేతికొచ్చాక పని అయిపోయిందనుకుంటారు. స్క్రైబ్ విషయంలో అది సగం పనే.

రాత పరీక్షల కోసం కేంద్రం 2018 ఆగస్టులో మార్గదర్శకాలిచ్చింది, 2025లో వాటిని మార్చింది కాబట్టి తాజా ప్రతి కూడా చూసుకోండి. 2018 నాటివాటి ప్రకారం చూపు లేనివాళ్లు, రెండు చేతులూ పని చేయనివాళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు కోరుకుంటే చాలు, స్క్రైబ్‌నిస్తారు. డిస్లెక్సియా ఆ మూడింటిలో లేదు. మిగతా వైకల్యాలున్నవాళ్లు, రాయడానికి ఇబ్బంది ఉంది, పరీక్షకు స్క్రైబ్ తప్పనిసరి అని ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంటు స్థాయి అధికారితో మరో కాగితం రాయించుకోవాలి. దాని నమూనా ఆ మార్గదర్శకాల చివర అనుబంధం-1గా ఉంది. మొదటి కాగితం మీవాడికి ఏముందో చెప్తుంది. రెండోది దానివల్ల పరీక్షలో ఏం కావాలో చెప్తుంది. ఆసుపత్రికి వెళ్లినప్పుడే రెండూ అడగకపోతే మళ్లీ మొదటి నుంచి తిరగాలి.

ఈ రెండో కాగితం దగ్గరే డాక్టర్లు కూడా హెచ్ఎం గారిలాగే "చేతికేం కాలేదు కదా" అంటారు. నమూనాలో శారీరక పరిమితి అన్న మాట ఉండటం వాళ్ల ఇబ్బంది. అప్పుడు చేతి గురించి కాకుండా పని గురించి మాట్లాడండి. నిమిషానికి ఎన్ని మాటలు, రెండు గంటల తర్వాత ఎన్ని, రాసినదాంట్లో చదవగలిగేది ఎంత అన్న లెక్క ముందు పెట్టండి. సర్టిఫికెట్లో కూడా ఆ అంకెలే ఎక్కేలా చూడండి. "డిస్లెక్సియా ఉంది" అని మాత్రమే రాసి ఉంటే పరీక్షల విభాగం గుమాస్తాకు ఏం ఇవ్వాలో అర్థం కాదు. "స్క్రైబ్, గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయం సిఫారసు చేస్తున్నాం" అని ఉంటే అర్థమవుతుంది. గంటకు కనీసం ఇరవై నిమిషాలన్నది ఆ 2018 మార్గదర్శకాల్లో ఉన్న లెక్కే. మూడు గంటల పేపరుకు ఒక గంట. స్క్రైబ్‌ని తీసుకుంటే సమయం ఇవ్వరనే మాట ఎక్కడైనా వినిపిస్తే నమ్మకండి, రెండూ కలిపి తీసుకోవచ్చు. స్క్రైబ్ వద్దనుకున్నా సమయం వస్తుంది.

సర్టిఫికెట్‌లో శాతం నలభై కంటే తక్కువ పడితే? అప్పుడు కూడా దారి ఉంది. వికాస్ కుమార్ అనే అభ్యర్థికి రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే జబ్బు ఉండేది. సివిల్స్ పరీక్షకు స్క్రైబ్ అడిగితే, నలభై శాతం వైకల్యం లేదని యూపీఎస్సీ కాదంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదని తీర్పు చెప్పింది. వైకల్యం ఉండి, దానివల్ల రాయలేకపోతే చాలు, శాతంతో ముడిపెట్టకూడదన్నది. ఆ తీర్పు వల్లే 2022 ఆగస్టులో నలభై లోపు వాళ్లకోసం వేరే మార్గదర్శకాలు వచ్చాయి. వాటికీ ప్రభుత్వ వైద్య బృందం సంతకాలతో ఒక నమూనా ఉంది.

కానీ ఒక హద్దు కూడా చెప్పాలి. వైద్య బృందం చూసి ఏ వైకల్యమూ లేదు, వేగం మాత్రమే తక్కువ అంటే చట్టం మీకు సాయపడదు. నిదానంగా రాసే ప్రతి పిల్లాడికీ డిస్లెక్సియా ఉండదు. కొందరికి చూపు సమస్య. కొందరికి మూడో తరగతిలో 'ముత్యాల్లాంటి అక్షరాలు' అని వెంటపడిన టీచరు వల్ల, ఒక్కో అక్షరాన్ని చెక్కినట్టు రాసే అలవాటు. అలాంటి పిల్లాడు చూసి రాసినా సొంతంగా రాసినా వేగం ఒకటే ఉంటుంది, తప్పులు పెద్దగా ఉండవు. మీవాడి గురించి మీరు రాసిన ఒత్తుల, గుణింతాల సంగతి చూస్తే అలా అనిపించడం లేదు గానీ, కళ్ల పరీక్ష ముందే చేయించేయండి. ఆసుపత్రిలో ఎలాగూ అడుగుతారు.

సర్టిఫికెట్లు చేతికొచ్చాక దారి స్కూలు గుండానే. మీరు నేరుగా బోర్డుకు రాస్తే లాభం లేదు. హెచ్ఎం గారు పరీక్ష ఫీజులు కట్టించుకుని, పరీక్ష రాసే పిల్లల జాబితా అయిన నామినల్ రోల్స్ పంపేటప్పుడు, మీ బాబు పేరు దగ్గర వైకల్యం వివరం నింపాలి. దాంతోపాటు స్క్రైబ్ కోసం ప్రతిపాదన డీఈవో కార్యాలయానికి వెళ్లాలి. ఆ రోల్స్‌లో గడి ఖాళీగా వెళ్లిపోతే హాల్‌టికెట్ మామూలు విద్యార్థిలాగే వస్తుంది. ఆ తర్వాత మార్పించడం మార్చి నెలలో గుండెదడ. దరఖాస్తు రెండు కాపీలు చేసి, ఒకదాని మీద స్కూలు ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోండి. దసరాలోపు ఈ కాగితాలన్నీ స్కూల్లో ఉండేలా చూసుకుంటే మీకు ఊపిరి ఆడుతుంది. ఎక్కడైనా నోటిమాటతో కాదంటే కారణం రాసివ్వమనండి. రాసిస్తే దాంతో, ఇవ్వకపోతే మీ ముద్ర ఉన్న కాపీతో, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

స్క్రైబ్‌గా వచ్చే విద్యార్థి ఒక తరగతి తక్కువవాడై ఉండాలి, పదో తరగతికి తొమ్మిదో తరగతి పిల్లలు వస్తారు. తొమ్మిదో తరగతిలో ఫస్టొచ్చే పిల్లాణ్నే ఇమ్మని పట్టుబట్టకండి. బాగా తెలివైన స్క్రైబ్ ఆగలేడు. మీవాడు తప్పు చెప్తే పెదవి విరుస్తాడు, సైగ చేస్తాడు. ఇన్విజిలేటర్ కంటపడితే ఇద్దరి మీదా మాల్‌ప్రాక్టీస్ కేసు. వేగంగా రాసేవాడు, చెప్పిందే రాసేవాడు, నెమ్మదస్తుడు కావాలి. జ్వరమొస్తే మార్చుకోవడానికి రెండో పేరు కూడా ముందే ఇవ్వమని హెచ్ఎం గారిని అడగండి. భాషల పేపర్లకు ఒకరు, లెక్కలు, సైన్సుకు ఒకరు ఉన్నా పరవాలేదు.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టేది మాత్రం చెప్పి రాయించడం నేర్చుకోవడం. అది రాయడం కంటే వేరే విద్య. కిరణ్‌కు మొదటిసారి స్క్రైబ్‌ని పెట్టి పరీక్ష పెట్టినప్పుడు, వాడు సొంతంగా రాసినదానికంటే తక్కువ మార్కులొచ్చాయి. నేనే నివ్వెరపోయాను. వాడు మాట్లాడినట్టు చెప్పేశాడు: "అంటే అప్పుడు ఏమైందంటే, వాళ్లొచ్చి, అది కాదు, ముందు..." రాసే పిల్లాడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పెన్ను ఎత్తి కూర్చున్నాడు. మేం మూడు నెలలు, వారానికి రెండు రోజులు కసరత్తు చేశాం. ప్రశ్న వినగానే ఒక నిమిషం మౌనం, ఎన్ని పాయింట్లో వేళ్ల మీద లెక్క. తర్వాత ఒక వాక్యం చెప్పి ఆగడం, పెన్ను ఆగేదాకా చూసి రెండోది చెప్పడం. "కొత్త పేరా", "కింద గీత", "నాలుగో ప్రశ్న, బి" అని కూడా నోటితోనే చెప్పాలి. ప్రతి జవాబయ్యాక "చదివి వినిపించు" అనాలి, ఎందుకంటే రాసినవాడు పొరపాటు చేసినా పోయేవి మీవాడి మార్కులే.

లెక్కల పేపరు ఇంకా చిక్కు. "ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్" అన్నప్పుడు బ్రాకెట్ ఎక్కడ మొదలైందో చెప్పకపోతే స్క్రైబ్ బి మీద మాత్రమే స్క్వేర్ వేస్తాడు. కిరణ్ "బ్రాకెట్ ఓపెన్, బ్రాకెట్ క్లోజ్" అలవాటు చేసుకోవడానికే మూడు వారాలు పట్టింది. లెక్కలు సొంతంగా చేసుకుని, మాటల జవాబులు మాత్రమే స్క్రైబ్‌తో రాయించాలనుకుంటే, బొమ్మలు తానే గీయాలనుకుంటే, ఆ సంగతి దరఖాస్తులోనే రాసి అనుమతి తీసుకోండి. హాల్లో అప్పటికప్పుడు అడిగితే ఏ ఇన్విజిలేటరూ తలూపడు.

పరీక్షకు ముందు రోజు సెంటర్‌కి వెళ్లి చీఫ్ సూపరింటెండెంట్ గారిని కలవండి. అనుమతి ఉత్తర్వు కాపీ చూపించండి. విడిగా గది ఉందా, ఆ గదిలో ఉండే ఇన్విజిలేటర్‌కు అదనపు గంట సంగతి తెలుసా, పేపరు ఎన్నింటికి తీసుకుంటారు అని అడగండి. ఆ ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. 2021 నీట్ పరీక్షలో రాత ఇబ్బంది ఉన్న ఒక అమ్మాయికి రావాల్సిన అదనపు గంట ఇవ్వకుండా అందరితోపాటే పేపరు తీసేసుకున్నారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తప్పు పరీక్ష నిర్వాహకులదేనని కోర్టు చెప్పింది గానీ మళ్లీ పరీక్ష పెట్టమనలేదు. చేజారిన గంటను కోర్టు కూడా తిరిగి ఇవ్వలేదు కాబట్టి ముందురోజే అడగాలి. రోజూ ఉత్తర్వు కాపీ ఒకటి హాల్‌టికెట్‌తో పాటు వాడి జేబులో ఉండనివ్వండి.

ఈ కాగితాలన్నీ పదో తరగతి తర్వాత కూడా కావాలి. అయితే ఇంటర్ బోర్డు, ఈఏపీసెట్, జేఈఈ, నీట్ ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. దరఖాస్తు ఫారం నింపే రోజే స్క్రైబ్ గడి ఉంటుంది, అప్పుడు వదిలేస్తే తర్వాత కుదరడం కష్టం. స్క్రైబ్ చదువు ఎంత తక్కువ ఉండాలి, మనం తెచ్చుకోవాలా వాళ్లిస్తారా అన్నది ఏ ఏటికాయేడు ఆ నోటిఫికేషన్లోనే చూసుకోండి. వాడికి పద్దెనిమిది నిండినప్పుడు మళ్లీ ఒకసారి ఆసుపత్రి.

ఇక సిగ్గు సంగతి. పదో తరగతి పిల్లాడికి అది చిన్న విషయం కాదు, బతిమాలితే పోదు, తిడితే అసలే పోదు. ఒక్కటి చెప్పండి: స్క్రైబ్ ఉన్నవాళ్లను విడి గదిలో కూర్చోబెడతారు, గట్టిగా చెప్తుంటే మిగతావాళ్లకు ఇబ్బంది కదా. అంటే వాడి స్నేహితులెవరూ ఆ హాల్లో ఉండరు. ఆ తర్వాత వాదన మానేసి రెండు పరీక్షలు పెట్టండి. ఒకటి సొంతంగా రాయాలి, మరొకటి స్క్రైబ్‌తో, కాస్త కసరత్తు అయ్యాక. రెండూ ఒకే టీచరుతో దిద్దించి, పేపర్లు వాడి చేతికే ఇచ్చేయండి. మీరు నోరు మెదపకండి. సొంతంగా రాసినప్పుడే మార్కులు ఎక్కువొస్తే వాడి మాటే నిజమనుకుని అదనపు సమయం ఒక్కటే అడగండి, అందులో తప్పేం లేదు.

కిరణ్ కూడా మొదట్లో ససేమిరా అన్నవాడే. డిసెంబరులో రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. చివరికి నా దగ్గరకొచ్చి, "మేడమ్, స్క్రైబ్ సరే గానీ వీణ్ని మార్చండి, వీడి చేతిరాత నాకంటే ఘోరంగా ఉంది" అన్నాడు. మార్చాం.